మార్కులు తక్కువ, పని వచ్చు: ఎలక్ట్రికల్ డిప్లొమా స్టేట్‌మెంట్ ఎలా రాయాలి?

రాగితీగ

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే స్కూల్ చదువు అయిపోయింది. ఎలక్ట్రికల్ డిప్లొమాకి దరఖాస్తు పెడుతున్నాను. మార్కుల జాబితాతో పాటు 400 పదాలు దాటకుండా ఒక స్టేట్‌మెంట్ రాయమన్నారు. అది చూశాక కొంతమందిని ఇంటర్వ్యూకి పిలుస్తారట.

నాకు లెక్కల్లో 100కి 44, సైన్స్‌లో 53 వచ్చాయి. మిగతావీ అంతంతమాత్రమే. సాయంత్రాలు, సెలవు రోజుల్లో మావయ్య మోటార్ రివైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్నాను. డిప్లొమా చేసి ఈ పనిలోనే ఉండాలని నా ఆలోచన. రాసింది కింద పెడుతున్నాను. ఎక్కడ బాగోలేదో మొహమాటపడకుండా చెప్పండి.

“చిన్నప్పటి నుంచి నాకు కరెంటు అంటే ఎంతో ఆసక్తి. నేటి ఆధునిక ప్రపంచంలో విద్యుత్తు లేనిదే జీవితం లేదు. నాది కష్టపడే స్వభావం. ఇప్పటికే మేము ఎన్నో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేశాము. కరెంటు ఆపకుండానే కనెక్షన్లు ఇవ్వగలిగినంత ధైర్యం నాకు ఉంది. కొన్ని అనివార్య కారణాల వల్ల మార్కులు తగ్గాయి. నాకు అవకాశం ఇస్తే మీ సంస్థకు మంచి పేరు తెస్తాను.”

ఇంకా చాలా పదాలు మిగిలే ఉన్నాయి కానీ ఏం రాయాలో తోచడం లేదు.

సూటిమాట

తమ్ముడూ, ముందు ఆ మార్కుల మాట తీసెయ్. మన లోటు మనమే ఎత్తి చూపించుకోవడం ఎందుకు? “అనివార్య కారణాలు” అన్నావంటే ఏదో దాస్తున్నాడనుకుంటారు. దాని బదులు నీ లక్ష్యం పెద్దదిగా కనపడేలా రాయి. సొంత పరిశ్రమ పెట్టి నలుగురికి ఉపాధి కల్పిస్తానని రాస్తే మనిషికి దూరదృష్టి ఉందనిపిస్తుంది. మొత్తం ఆత్మవిశ్వాసంతో ఉండాలి, ఎక్కడా తగ్గకూడదు.

ఇద్దరు పిల్లల తల్లి

బాబూ, మా పెద్దాడికి కూడా ఇదే అవసరం పడింది. వాడు ఒక కంపెనీలో హెల్పర్ పనికి పెట్టుకుంటున్నాడు. ఫోటో కుడివైపు అతికించాలా, ఎడమవైపా? తండ్రి పేరు, పుట్టిన తేదీ మొదట్లోనే రాయాలా? ఎవరైనా నమూనా ఉంటే పెట్టండి.

పెన్నూపేపరు

అమ్మా, మీరు అడుగుతున్నది ఉద్యోగానికి ఇచ్చే బయోడేటా. ఈ తమ్ముడు అడుగుతున్నది కాలేజీ సీటు కోసం తన గురించి తాను రాసే వ్యాసం లాంటిది. రెండూ వేరు. మీ అబ్బాయి సంగతి ఇంకో చర్చగా పెట్టండి, అక్కడ తప్పకుండా సాయం చేస్తాం.

వర్క్‌షాప్ మాస్టారు

చాలా ఏళ్ళు పాలిటెక్నిక్‌లో మెషీన్స్ ల్యాబ్ చూసుకున్నాను. అడ్మిషన్ ఇంటర్వ్యూ బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. అన్నిటికంటే ముందు ఒక వాక్యం గురించి చెప్పాలి. “కరెంటు ఆపకుండానే కనెక్షన్లు ఇవ్వగలిగినంత ధైర్యం” అన్నది ఈ రోజే కొట్టెయ్ బాబూ. నువ్వు దాన్ని గొప్పగా అనుకుని రాశావు. చదివేవాడికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. ల్యాబులో ఇరవై మంది పిల్లలని మోటార్ల ముందు నిలబెట్టేది మేము. సప్లై ఆపకుండా చెయ్యి పెట్టే అలవాటున్న కుర్రాడు వస్తున్నాడంటే, వాడికి 90 మార్కులు వచ్చినా ఆలోచిస్తాం. స్టేట్‌మెంట్‌లోంచే కాదు, పనిలోంచి కూడా ఆ అలవాటు పోవాలి. మీ మావయ్యకి కూడా నా మాటగా చెప్పు.

మిగతా వాక్యాల్లో తప్పేమీ లేదు కానీ అవి ఎవరి స్టేట్‌మెంట్‌లోనైనా సరిపోతాయి. పేరు మార్చి సివిల్ బ్రాంచికి పంపినా చెల్లుతాయి. చదివే మనిషి ముందు పెద్ద కట్ట ఉంటుంది. నీ మార్కుల జాబితా అతను అప్పటికే చూసేసి ఉంటాడు. అతని మనసులో ఉండే ప్రశ్నలు రెండే. ఈ అబ్బాయి మొదటి ఏడాది లెక్కల పేపరు గట్టెక్కుతాడా? మధ్యలో మానేయకుండా చివరిదాకా ఉంటాడా? నీ 400 పదాలు ఈ రెండిటికే జవాబు చెప్పాలి.

అందుకని ఒక పని చెయ్యి. స్టేట్‌మెంట్ సంగతి కాసేపు పక్కన పెట్టి, షాపులో నీ చేతి మీదుగా జరిగిన ఒక్క రిపేరు గురించి ఇక్కడ రాయి. ఏం వచ్చింది, ఏం చూశావు, మీటర్ ఎంత చూపించింది, చివరికి ఏమైంది. అందంగా అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు రాయి.

రాగితీగ

సరే సార్. ఒక సీలింగ్ ఫ్యాన్ సంగతి చెప్తాను. మెల్లగా తిరుగుతోందని తెచ్చారు. మామూలుగా అలాంటిది వస్తే కండెన్సర్ మార్చి ఇచ్చేస్తాం. నేను పాతది విప్పి మీటర్ మీద పెట్టి చూశాను. పైన 2.5 మైక్రోఫారడ్ అని ఉంది, మీటర్‌లో 1.4 వచ్చింది. కొత్తది వేశాం. స్పీడు పెరిగింది కానీ ఇంకా పూర్తిగా రాలేదు. పైగా అరగంట తిప్పాక మోటార్ మీద చెయ్యి పెడితే నిలవలేనంత వేడి. బేరింగ్ పట్టేసిందేమోనని సప్లై తీసేసి చేత్తో తిప్పి చూశాను, అది సాఫీగానే తిరిగింది.

అప్పుడు మూడు వైర్ల మధ్యా రెసిస్టెన్స్ చూశాను. అదే కంపెనీ, అదే మోడల్ ఫ్యాన్ ఇంకొకటి షాపులో ఉంటే దానివి కూడా చూసి పక్కన రాసుకున్నాను. అందులో రన్నింగ్ వైండింగ్ 150 ఓమ్‌లు ఉంటే, దీంట్లో 118 చూపించింది. స్టార్టింగ్ వైండింగ్ మాత్రం రెండిటిలోనూ దాదాపు ఒకటే. మావయ్యకి చూపిస్తే, లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, రివైండ్ చేయాల్సిందే అన్నాడు. పాత కాయిల్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టింది, తీగ మందం మైక్రోమీటర్‌తో చూసింది నేను. కొత్తది చుట్టింది మావయ్య. వార్నిష్ ఆరాక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూశాం, బాగానే వచ్చింది.

ఇది మామూలు పనే కదా సార్, ఇలాంటివి రాస్తే చిన్నగా ఉండదా?

లేత్ మనిషి

చిన్నగా ఉండదు తమ్ముడూ. నాది మెకానికల్. నాకూ మార్కులు నీలాగే వచ్చాయి. నేను రాసింది ఒక షాఫ్ట్ సంగతి. బేరింగ్ కూర్చునే చోట అరిగిపోతే దాన్ని వెల్డింగుతో నింపి మళ్ళీ లేత్ మీద సైజుకి తెచ్చాం. ఇంటర్వ్యూలో నా మార్కుల గురించి ఒక్క ప్రశ్న అడిగారు. మిగతా సేపంతా ఆ షాఫ్ట్ గురించే. వెల్డింగ్ వేడికి షాఫ్ట్ వంగలేదా, వంగిందో లేదో ఎలా చూశావు, డయల్ గేజ్ ఎక్కడ పెట్టావు అని అడిగారు. అవన్నీ నాకు తెలిసినవే కాబట్టి టెన్షన్ లేకుండా చెప్పాను. మనం ఏం రాస్తే దాని మీదే అడుగుతారు. అందుకే చెప్పగలిగిందే రాయాలి.

అయితే నా విషయంలో దరఖాస్తులే తక్కువ వచ్చాయి. సీట్లు మిగిలాయని తర్వాత తెలిసింది. కాబట్టి స్టేట్‌మెంట్ వల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పలేను.

వర్క్‌షాప్ మాస్టారు

రాగితీగా, నీ స్టేట్‌మెంట్ ఇదే. మొదట్లో పెట్టిన దానికీ దీనికీ పోలికే లేదు. ఎందుకంటున్నానో చెప్తాను.

కండెన్సర్ మార్చినా పూర్తి స్పీడు రాకపోతే చాలామంది అక్కడితో వదిలేస్తారు. నువ్వు వేడి గమనించావు. బేరింగ్ కాదని తేల్చుకున్నావు. ఆపైన అదే మోడల్ ఫ్యాన్ తెచ్చి పోల్చావు. ఈ మూడో పని నాకు బాగా నచ్చింది. 118 అన్న అంకె ఒక్కటే ఉంటే అది తక్కువో ఎక్కువో ఎవరికీ తెలియదు, ఒక్కో కంపెనీ వైండింగ్ ఒక్కోలా ఉంటుంది. పక్కన 150 ఉంటేనే దానికి అర్థం. ఇంకో మాట కూడా గుర్తుంచుకో. నాలుగైదు చుట్లే అంటుకుంటే మామూలు మీటర్‌లో తేడా తెలియనే తెలియదు. అప్పుడు వేడి, లాగే కరెంటు చూసి పట్టుకోవాల్సిందే. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రావచ్చు.

రెండోది, చుట్టింది మావయ్య అని చెప్పావు. దాన్ని అలాగే ఉంచు. మొదటి రాతలో “మేము ఎన్నో బాగుచేశాము” అన్నావు, అందులో నీ వాటా ఎంతో ఎవరికీ తెలియదు. స్కూల్ వదిలిన కుర్రాడు మోటార్లన్నీ తానే చుట్టాడంటే మేము నమ్మం. చుట్లు లెక్కపెట్టాను, తీగ మందం కొలిచాను అంటే నమ్ముతాం. రివైండింగ్‌లో అదే కీలకం కూడా, లెక్క తప్పితే కొత్త వైండింగ్ కూడా కాలుతుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. షాపులో మీ ఇద్దరి వల్లా కాక ఆగిపోయిన పని ఏదైనా ఉందా? ఉంటే అది కూడా రాయి.

సూటిమాట

మాస్టారూ, ఆగిపోయిన పని గురించి రాయమంటున్నారేమిటి? స్టేట్‌మెంట్ అంటే మన బలాలు చెప్పుకునే చోటు కదా. చేతకానిది చెప్తే ఎవరు తీసుకుంటారు?

వర్క్‌షాప్ మాస్టారు

అన్నీ వచ్చినవాడికి డిప్లొమా దేనికండీ? పని ఎక్కడ ఆగిందో చెప్తేనే, వీడికి మా కోర్సు ఎందుకు కావాలో నాకు తెలుస్తుంది. “మీ కోర్సు చాలా బాగుంటుందని విన్నాను” అని రాసేవాళ్ళు కోకొల్లలు. ఫలానా చోట చదువు లేక ఆగిపోయాను అని రాసేవాళ్ళు చాలా అరుదు. అతన్ని చెప్పనివ్వండి.

రాగితీగ

ఉంది సార్. ఒక పంపు మోటార్ పూర్తిగా కాలిపోయి వచ్చింది. కాయిళ్ళు మాడి ముద్దైపోయాయి, చుట్లు లెక్కపెట్టడానికి వీల్లేదు. పైగా అంతకు ముందు ఎవరో ఒకసారి రివైండ్ చేశారు. ఒక చోట ఒక తీగ, ఇంకో చోట ఇంకో మందం తీగ ఉంది. కంపెనీ పేరున్న ప్లేటు కూడా లేదు. మావయ్య ఎప్పుడూ పాతదాన్ని చూసి అలాగే చుడతాడు. దీన్ని చూసి చుట్టడానికి ఏమీ లేదు. కోర్ కొలతలు చూసి ఎన్ని చుట్లు వేయాలో లెక్క వేయొచ్చని అంటారు, అది మా ఇద్దరికీ రాదు. అందాజాగా చుడితే మళ్ళీ కాలుతుందని మావయ్య తిప్పి పంపేశాడు.

వర్క్‌షాప్ మాస్టారు

బాబూ, నువ్వు డిప్లొమా ఎందుకు చేయాలో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కోర్ పొడవు, లోపలి వ్యాసం, ఎన్ని పోల్స్, ఎంత వోల్టేజీ అన్నవి తీసుకుని చుట్లు లెక్కవేయడం ఎలక్ట్రికల్ మెషీన్స్‌లో, వైండింగ్‌లో ఎంత వోల్టేజీ పుడుతుందో చెప్పే ఈఎంఎఫ్ సమీకరణం దగ్గర మొదలవుతుంది. నీ స్టేట్‌మెంట్ రెండో సగం ఇదే కావాలి. సిలబస్ తెరిచి ఆ పాఠం ఏ సెమిస్టర్‌లో ఉందో చూసి, ఆ సబ్జెక్టు పేరు రాయి. సిలబస్ చూసి వచ్చాడని అదొక్కటే చెప్తుంది.

ఇక లెక్కల సంగతి. సూటిమాట గారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. “అనివార్య కారణాలు” తీసెయ్యాల్సిందే, మొదటి పేరాలో మార్కుల ఊసు ఉండకూడదు. కానీ అసలు ఎత్తకపోతే మాత్రం కుదరదు. జాబితా నా ఎదురుగా ఉంది, 44 నాకు కనపడుతూనే ఉంది. నువ్వు మాట్లాడకపోతే ఆ ఖాళీ నేనే నింపుకుంటాను, అది నీకు మంచిది కాదు. రెండే రెండు వాక్యాలు రాయి. ఏ భాగం రాదు, దానికి ఇప్పుడు ఏం చేస్తున్నావు. అంతే.

నీకు లెక్కల్లో ఏది కష్టం? ఏదీ రాదా, లేక ఒక చోటేనా?

రాగితీగ

సమీకరణాలు, శాతాలు, వైశాల్యాలు బాగానే చేస్తాను సార్. త్రికోణమితి వచ్చేసరికి ఏమీ అర్థమయ్యేది కాదు. సైన్, కాస్ ఎందుకో తెలియకుండా బట్టీ పట్టాను. పరీక్షలో ఆ ప్రశ్నలన్నీ వదిలేశాను.

వర్క్‌షాప్ మాస్టారు

చూశావా, “లెక్కల్లో వీక్” అనడానికీ దీనికీ ఎంత తేడా ఉందో. ఏసీ సర్క్యూట్లకి కావాల్సింది సరిగ్గా ఆ సైన్, కాస్‌లే. పవర్ ఫ్యాక్టర్ అంటే ఒక కోణానికి కాస్ విలువ. కాబట్టి ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఇదే భయం ఉంటుంది. దానికి జవాబు నీ ఫ్యాన్‌లోనే ఉంది. కండెన్సర్ 2.5 నుంచి 1.4కి పడిపోతే ఫ్యాన్ ఎందుకు మెల్లగా తిరిగింది? ఈ సూత్రం తీసుకో. Xc అంటే కండెన్సర్ కరెంటుకి చూపే అడ్డు, దాన్నే రియాక్టెన్స్ అంటారు. f సప్లై ఫ్రీక్వెన్సీ, C ఫారడ్‌లలో కండెన్సర్ విలువ:

Xc = 1/(2πfC)

50 హెర్ట్జ్ సప్లైలో 2.5 మైక్రోఫారడ్‌కి ఎంత వస్తుందో, 1.4కి ఎంత వస్తుందో నువ్వే వేసి ఇక్కడ పెట్టు. తొందరేం లేదు.

రాగితీగ

వేశాను సార్. 2.5కి సుమారు 1273 ఓమ్‌లు, 1.4కి సుమారు 2274 వచ్చాయి. అంటే కండెన్సర్ పాడైతే అడ్డు పెరిగి, స్టార్టింగ్ వైండింగ్‌లోకి కరెంటు తగ్గిపోతోంది. అందుకే బలం తగ్గింది. ఇన్నాళ్ళూ మారిస్తే స్పీడొస్తుందని తెలుసు కానీ ఎందుకో తెలియదు.

మైక్రోఫారడ్‌ని ఫారడ్‌లోకి మార్చేటప్పుడు సున్నాల దగ్గర చాలా సేపు పట్టింది.

వర్క్‌షాప్ మాస్టారు

అంకెలు సరిగ్గా వచ్చాయి. వైండింగ్ కూడా అదే దారిలో ఉంటుంది కాబట్టి మొత్తం అడ్డు ఇంతే అని చెప్పలేం. కరెంటు తగ్గడమే కాదు, రెండు వైండింగుల కరెంట్ల మధ్య ఉండాల్సిన కోణం కూడా మారుతుంది. అక్కడ మళ్ళీ నీ త్రికోణమితే కావాలి. కానీ స్కూల్ వదిలిన వాడికి ఇంతవరకు చాలు. స్టేట్‌మెంట్‌లో సూత్రం రాయకు, చేసిన లెక్క ఒక వాక్యంలో చెప్పు. అడిగితే కాగితం మీద చేసి చూపించాలి సుమా. ఇంటర్వ్యూలో చిన్న లెక్క ఇవ్వడం మామూలే.

లేత్ మనిషి

ఒక్క విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. చివర్లో “మావయ్య షాపులోనే పని చేస్తాను” అని రాస్తే బాగుంటుందా? కొన్ని కాలేజీలు ఎంతమందికి కంపెనీల్లో ఉద్యోగాలు వచ్చాయన్నది లెక్క చూసుకుంటాయి. చిన్న షాపుకి వెళ్ళిపోతానంటే వాళ్ళకి ఉపయోగం లేదనుకోవచ్చు. నేనైతే పరిశ్రమలో మెయింటెనెన్స్ టెక్నీషియన్ అవుతానని రాశాను.

వర్క్‌షాప్ మాస్టారు

నేను ఒప్పుకోను. నేను చూసినంతలో, ఎక్కడికి వెళ్ళాలో తెలిసిన పిల్లలు మధ్యలో మానేయలేదు. షాపు చిన్నదైనా పెద్దదైనా నాకు ఒకటే. పెద్ద పరిశ్రమ పెడతానని సూటిమాట గారు చెప్పినట్టు రాస్తే మాత్రం, దానికి మొదటి మెట్టు ఏమిటని అడుగుతాను. అక్కడ చాలామంది ఆగిపోతారు.

లేత్ మనిషి

మీరు అలా చూస్తారు మాస్టారూ, అందరూ అలా చూడరు. మా బ్యాచ్‌లో ఒకడు సొంత షాపు పెడతానన్నందుకు, మరి డిప్లొమా ఎందుకు, పని అక్కడే నేర్చుకోవచ్చు కదా అని గట్టిగానే అడిగారు. వాడు సమాధానం చెప్పలేకపోయాడు.

పెన్నూపేపరు

ఆ ప్రశ్నకి రాగితీగ దగ్గర సమాధానం ఉంది కదా, కాలిపోయిన పంపు మోటార్. ఇంకోటి కూడా ఉంది. చాలా చోట్ల ఇన్‌స్టలేషన్ల మీద సూపర్‌వైజర్‌గా సంతకం పెట్టాలంటే లైసెన్స్ ఉండాలి, దానికి డిప్లొమా ఒక అర్హత. మీరు ఉండే చోట నియమం ఏమిటో కనుక్కుని, నిజమైతేనే రాయండి.

నేను భాష వైపు నుంచి ఒకటి చెప్తాను. వాక్యాలు చిన్నగా ఉంచండి. షాపులో మాట్లాడేటట్టే రాయండి, కండెన్సర్‌ని కండెన్సర్ అనే రాయండి. ఎవరిచేతైనా గ్రాంథికంగా రాయించుకుంటే ఇంటర్వ్యూలో మీ మాటకీ ఆ కాగితానికీ పొంతన ఉండదు, వెంటనే తెలిసిపోతుంది. దరఖాస్తు ఇంకో భాషలో పెట్టాల్సి వచ్చినా ముందు తెలుగులో జరిగింది జరిగినట్టు రాసుకుని, తర్వాత ఆ భాషలో సాదాగా చెప్పండి.

రాగితీగ

అందరూ చెప్పింది చూసుకుని మళ్ళీ రాశాను. చూడండి.

“మెల్లగా తిరుగుతున్న ఒక సీలింగ్ ఫ్యాన్ మా మావయ్య రివైండింగ్ షాపుకి వచ్చింది. కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే మీటర్‌లో 1.4 వచ్చింది. కొత్తది వేసినా పూర్తి వేగం రాలేదు, మోటార్ బాగా వేడెక్కింది. సప్లై తీసేసి చేత్తో తిప్పి చూసి, బేరింగ్ బాగానే ఉందని తేల్చుకున్నాను. తర్వాత వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచి, అదే మోడల్ ఫ్యాన్‌తో పోల్చాను. అందులో 150 ఓమ్‌లు ఉంటే దీంట్లో 118 ఉంది. చుట్లు షార్ట్ అయ్యాయని మావయ్య నిర్ధారించాడు. పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టింది, తీగ మందం కొలిచింది నేను. కొత్త కాయిల్ చుట్టింది మావయ్య.

పాత వైండింగ్ చూసి అలాగే చుట్టడం మా షాపు పద్ధతి. పూర్తిగా కాలిపోయిన ఒక పంపు మోటార్ వచ్చినప్పుడు చూసి చుట్టడానికి ఏమీ మిగల్లేదు. కోర్ కొలతల నుంచి చుట్లు లెక్కవేయడం మా ఇద్దరికీ రాకపోవడంతో దాన్ని తిప్పి పంపాం. అది నేర్చుకోవాలనే ఈ డిప్లొమాకి వస్తున్నాను. మీ సిలబస్‌లో ఎలక్ట్రికల్ మెషీన్స్ పేపరు, దాని ల్యాబు చూశాను. మా షాపులో లేని త్రీ ఫేజ్ మోటార్ లోడ్ టెస్ట్ అందులో ఉంది.

లెక్కల్లో నాకు 44 వచ్చాయి, త్రికోణమితి ప్రశ్నలు రాయలేకపోయాను. ఏసీ సర్క్యూట్లకి అదే ఆధారమని తెలిసి, ఆ అధ్యాయాలు మొదటి నుంచి మళ్ళీ చేస్తున్నాను. ఆ కండెన్సర్ విలువ పడిపోతే దాని రియాక్టెన్స్ ఎంత పెరిగిందో ఈ మధ్యే లెక్క వేసి తెలుసుకున్నాను.

డిప్లొమా అయ్యాక మా షాపులో త్రీ ఫేజ్ మోటార్ల రివైండింగ్, టెస్టింగ్ మొదలుపెట్టాలని నా ఉద్దేశం. ఇప్పుడు అలాంటి మోటార్లు వస్తే వేరే చోటికి పంపేస్తున్నాం.”

పదాలు ఇంకా మిగిలాయి. నింపాలా సార్? త్రికోణమితి నిజంగానే మళ్ళీ మొదలుపెట్టాను, ఊరికే రాయలేదు.

వర్క్‌షాప్ మాస్టారు

నింపక్కర్లేదు. 400 అన్నది దాటకూడని గీత, నింపాల్సిన గిన్నె కాదు. రెండు సవరణలు చాలు. మీటర్ పెట్టే ముందు కూడా సప్లై తీసేసి, కండెన్సర్ డిశ్చార్జ్ చేశానని ఒక వాక్యం చేర్చు. నువ్వు చేస్తున్నావనే అనుకుంటున్నాను, చేయకపోతే ఈ రోజు నుంచే మొదలుపెట్టు. అలాగే వార్నిష్ ఆరాక మెగ్గర్‌తో చూశామని ముందు చెప్పావు, ఇందులో వదిలేశావు. అది తప్పక పెట్టు. ఇన్సులేషన్ చూడకుండా మోటార్ బయటికి పంపలేదని దానివల్లే తెలుస్తుంది. ఎంత చూపించిందో గుర్తుంటే అంకె కూడా రాయి, గుర్తులేకపోతే ఊహించి రాయకు.

సూటిమాట

బాగుంది తమ్ముడూ. మార్కుల పేరా నేననుకున్నంత ఇబ్బందిగా లేదు, రెండో ప్రశ్న అడగాల్సిన పని లేకుండా ఉంది. అయినా 44 అన్న అంకె రాయకుండా “త్రికోణమితి ప్రశ్నలు రాయలేకపోయాను” అంటే సరిపోయేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అంకె ఎలాగూ జాబితాలో ఉంది కదా.

పెన్నూపేపరు

అంకె విషయంలో నేను సూటిమాట గారి వైపే. చెప్పాల్సింది ఎక్కడ ఆగిపోయాడన్నది, ఎంత వచ్చిందన్నది కాదు. మాస్టారు ఏమంటారో.

వర్క్‌షాప్ మాస్టారు

తీసేసినా నష్టం లేదు. నాకైతే అంకె కనిపిస్తే ఇతను దాచడం లేదనిపిస్తుంది. వేరేవాళ్ళకి అలా అనిపించకపోవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి

బాబూ, నీది మొత్తం చదివాను. మా పెద్దాడు రెండేళ్ళుగా ఒక గ్యారేజీలో చేస్తున్నాడు, వాడికి కూడా డిప్లొమా అంటే ఇష్టమే. స్కూల్ అయి మధ్యలో ఖాళీ వచ్చింది కదా, దాని గురించి కూడా ఇలా రాయొచ్చా?

లేత్ మనిషి

అది ఖాళీ కాదమ్మా, రెండేళ్ళ పని. గ్యారేజీలో తన చేతి మీదుగా జరిగిన ఒక్క రిపేరు రాసి పెట్టమనండి. అయితే వయసు పరిమితి, చదువు పూర్తయి ఎన్నేళ్ళు దాటకూడదు అన్న నియమం కొన్ని చోట్ల ఉంటాయి. ముందు అది చూసుకోండి.

రాగితీగ

డిశ్చార్జ్ వాక్యం, మెగ్గర్ వాక్యం చేర్చాను సార్. మెగ్గర్ విలువ షాపు పుస్తకంలో ఉందేమో మావయ్యని అడిగి చూస్తాను. ఇంకో సందేహం. పని చేస్తున్నట్టు షాపు నుంచి ఉత్తరం జతచేయొచ్చని ఫారంలో ఉంది. మావయ్యే రాసిస్తే బంధువు కాబట్టి చెల్లదంటారా?

లేత్ మనిషి

నాకైతే సొంతవాళ్ళ ఉత్తరం ఎవరూ లెక్కచేయరనిపిస్తుంది. మీ దగ్గర మోటార్లు చేయించుకునే వాళ్ళలో ఎవరైనా, ఒక వర్క్‌షాప్ యజమానో, బోరుబావుల పనివాళ్ళో రాసిస్తే మేలు.

వర్క్‌షాప్ మాస్టారు

మావయ్య రాసినా పరవాలేదు, బంధుత్వం మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. నువ్వు తెలివైనవాడివి, కష్టపడతావు అన్న పొగడ్తలు వద్దు. ఎప్పటి నుంచి వస్తున్నావు, ఏ పనులు నీకు ఒంటరిగా వదిలేస్తాడు, ఏవి ఇంకా పక్కన నిలబడి చేయిస్తాడు అన్నవి రాయమను. లేత్ మనిషి చెప్పినట్టు బయటివాళ్ళది కూడా దొరికితే రెండూ పెట్టు. ఫారం ఒకటే ఒప్పుకుంటే ఏది పెట్టాలన్నది వాళ్ళకే ఫోన్ చేసి అడుగు.